ఎవరికి ఎవరు కొరత

మా ఫ్యాక్టరీకి బోర్డు మీద పెద్ద పేరే ఉంది గానీ, పూతలపట్టు చుట్టుపక్కల అందరూ దాన్ని జ్యూస్ ఫ్యాక్టరీ అనే అంటారు. నిజానికి మేం జ్యూస్ చేయం. తోతాపురి మామిడికాయల గుజ్జు తీసి, ఉడికించి, గాలి చొరబడని సంచుల్లో నింపి, ఆ సంచుల్ని ఇనుప డ్రమ్ముల్లో పెట్టి విదేశాలకు పంపుతాం. జూన్, జులై నెలల్లో గేటు దగ్గర నుంచి రోడ్డు దాకా కాయల ట్రాక్టర్లు నిలబడి ఉంటాయి. ఆ రెండు నెలలూ మా బట్టలకు, పుస్తకాలకు, చివరికి టిఫిన్ బాక్సులకు కూడా మామిడి వాసనే.

నా పని ఎగుమతి కాగితాలు చూడడం. ఇన్‌వాయిసు, ప్యాకింగ్ లిస్టు, ల్యాబ్ సర్టిఫికెట్టు, ఓడ కాగితాలు అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఒక అంకె తేడా వచ్చినా అవతలి రేవులో సరుకు ఆగిపోతుంది. ఈ ఉద్యోగం నాకు రావడానికి కారణం మాత్రం కాగితాలు కాదు, ఫ్రెంచి.

ఫ్రెంచి మీద నాకేమీ మోజు లేదు. ఇంటర్లో రెండో భాషగా తీసుకుంటే మార్కులు బాగా వస్తాయని ఎవరో చెప్పగా, మా నాయన తిరుపతిలో ఒక కాలేజీ వెతికి చేర్పించాడు. రెండేళ్లు చదివాను. పరీక్షలో వచ్చే ప్రశ్నలన్నీ బట్టీ పట్టాను. నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. కానీ ఎవరైనా ఎదురొచ్చి ఫ్రెంచిలో టైమెంతయిందని అడిగుంటే చెప్పలేకపోయేదాన్ని.

మా యజమానికి ఈ సంగతి తెలియదు. ఆయన్ను ఫ్యాక్టరీలో అందరం వెనకాల పెద్దాయన అంటాం, ఎదురుగా సార్ అంటాం. మామిడితోటలున్న కుటుంబం. ఆఫీసు గదిలో కూర్చోవడం ఆయనకు నచ్చదు. బండ్లు తూచే వేబ్రిడ్జి పక్కన వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చే ప్రతి బండిలోనూ ఒక కాయ తీసి వాసన చూస్తాడు. ఇంటర్వ్యూ కూడా అక్కడే జరిగింది.

"ఫ్రెంచి సదివినావంటనే పాపా?"

"చదివినాను సార్."

"మన సరుకు కొనేవాళ్లలో ఫ్రాన్సులో ఒక ఆయమ్మ ఉండాది. ఆయమ్మ ఇంగ్లీషులో రాయదు. ముందుండిన పిల్లోడు మెషిన్లో వేసి చదివేవాడు. వాడు మానేసినాడు. నువ్వు చేస్తావా?"

చేస్తానని చెప్పాను. సోమవారం చేరాను.

ఆయమ్మ అంటే ఆ ఫ్రెంచి కంపెనీలో కొనుగోళ్లు చూసే పెద్దావిడ. పళ్ల ముక్కలు కలిపిన పెరుగు తయారుచేసేవాళ్లకు గుజ్జు సరఫరా చేసే సంస్థ వాళ్లది. ఆవిణ్ణి నేను మదామ్ అని పిలిచేదాన్ని. చేరిన రెండో వారంలోనే ఆవిడ నుంచి ఒక్క వాక్యం మెయిల్ వచ్చింది.

Il manque quatre fûts.

ఇల్ మాంక్ కాత్ర్ ఫ్యూ. ఫ్యూ అంటే డ్రమ్ములని తెలుసు. కాత్ర్ అంటే నాలుగు. ఇల్ అంటే అతను. మాంక్ దగ్గర డిక్షనరీ తీశాను. మిస్ అవడం అని ఉంది. అంటే ఎవరో ఒకాయన నాలుగు డ్రమ్ముల్ని మిస్ అవుతున్నాడు. ఆ ఒకాయన ఎవరు? వాళ్ల మేనేజరా, ఓడ వాడా, లారీ డ్రైవరా? నేను చాలా మర్యాదగా తిరిగి రాశాను: "ఆయన ఎవరో దయచేసి తెలుపగలరు."

జవాబు అరగంటలో వచ్చింది. ఆయనెవరూ లేరని, కంటైనర్లో ఎనభై డ్రమ్ములుండాల్సింది డెబ్భై ఆరే ఉన్నాయని, నాలుగు ఎక్కడున్నాయో చెప్పమని. ఈసారి చిన్నపిల్లకు చెప్పినట్టు పొట్టి పొట్టి వాక్యాల్లో రాసింది. వెళ్లి చూస్తే ఆ నాలుగూ మా గోడౌన్లోనే ఉన్నాయి. పులుపు కొలత మళ్లీ చూడాలని ల్యాబ్ వాళ్లు పక్కన పెట్టారు. కాగితాల్లో మాత్రం ఎవరూ దిద్దలేదు.

ఆ ఆదివారం తిరుపతికి పోయి మా ఫ్రెంచి సార్‌ను కలిశాను. అప్పటికే రిటైరయ్యాడు. కుర్రతనంలో పాండిచ్చేరిలో చదువుకున్నాడు. ఆయన నా మెయిల్ చదివి మెల్లగా చెప్పాడు.

"ఇక్కడ ఇల్ అంటే ఎవరూ కాదమ్మా. వాన పడుతోంది అనడానికి ఇల్ ప్లూ అంటారే, అట్లాంటి ఇల్. ఇల్ మాంక్ అంటే లేదు, తక్కువైంది అని. నాలుగు డ్రమ్ములు తక్కువైనాయి. అంతే."

దాన్ని కూడా నేను బట్టీ పట్టేశాను. ఇల్ మాంక్ అంటే తక్కువైంది. తరువాత ఎన్నోసార్లు అవసరమైంది. ఒక సంతకం తక్కువైంది, ఒక సర్టిఫికెట్టు తక్కువైంది, ఒక పేజీ తక్కువైంది. ఇల్ మాంక్ అని ఆవిడా రాసేది, నేనూ రాసేదాన్ని. అది నాకు కాగితాలకు సంబంధించిన మాటగా ఉండిపోయింది. మనుషులకు కూడా వాడతారని తట్టలేదు.

అలా ఆరేళ్లు గడిచాయి. మదామ్ నా తప్పుల్ని ఎప్పుడూ ఎత్తిచూపలేదు. నేను తప్పుగా రాసిన మాటను తన జవాబులో సరిగ్గా వాడి ఊరుకునేది. నేను గమనించి మరుసటి మెయిల్లో దిద్దుకునేదాన్ని. మొదటి ఏడాది మెయిళ్లకు, ఆరో ఏడాది మెయిళ్లకు చాలా తేడా ఉంది. మొదట సరుకు గురించే రాసేవాళ్లం. తరువాత చివర్లో ఒక వాక్యం పెరిగింది. వానలు పడ్డాయా అని ఆవిడ అడిగేది. పూత బాగుందా, కాయ దిగిందా అని. నేను వాళ్ల ఊళ్లో చలి గురించి అడిగేదాన్ని. ఆవిడ పెంచుకునే కుక్క పేరు, దానికి వచ్చిన కాలినొప్పి కూడా నాకు తెలుసు. ముఖం మాత్రం చూడలేదు.

పెద్దాయనకు ఈ చివరి వాక్యాలంటే ఇష్టం. సాయంత్రం బండ్లు తగ్గాక అడిగేవాడు.

"ఏం పాపా, ఆయమ్మ కుక్క ఎట్లుండాది?"

"నడస్తా ఉండాదంట సార్."

"మంచిది."

ఆరో ఏడు జూన్ చివర్లో మదామ్ రాసింది, జులైతో తాను రిటైరవుతున్నానని. తన స్థానంలోకి ఒక యువకుడు వస్తున్నాడని, అతనికి ఇంగ్లీషు బాగా వచ్చని, కాబట్టి నేనిక కష్టపడక్కర్లేదని. ఆ చివరి మాటను రెండుసార్లు చదివాను. కష్టపడి కష్టపడి ఇప్పుడిప్పుడే ఆ భాషలో కాస్త హాయిగా ఉంటున్నాను.

మెయిల్ తీసుకుని వేపచెట్టు దగ్గరికి పోయాను. పెద్దాయన చేతిలో కాయ పక్కన పెట్టి విన్నాడు.

"రాసుకో పాపా. మీరు మాకు పెద్ద కొరత అయిపోతారు. ఫ్యాక్టరీ మొత్తానికి కొరతే. అందర్లో నాకు ఇంకా ఎక్కువ కొరత. ఇంతే. ఊరికే పొడిగించొద్దు."

"ఇంతేనా సార్?"

"ఇంకొకటి. ఉత్త మెయిల్ పంపితే ఏం బాగుంటాది. ఫ్లెక్సు కొట్టిద్దాం. అందరం పట్టుకుని ఫోటో దిగుదాం."

ఆ రాత్రికి భోజనం కాకముందే రాయడానికి కూర్చున్నాను. నాకు ఎప్పటి నుంచో ఒక అలవాటు ఉంది. తెలుగులో విన్నది ముందు ఇంగ్లీషులోకి మార్చుకుంటాను, ఆ ఇంగ్లీషును ఫ్రెంచి చేస్తాను. కాలేజీలో ఫ్రెంచి పుస్తకానికి అర్థాలన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి, అందుకని అదే దారి పడిపోయింది. పెద్దాయన మాటలు ఇంగ్లీషులో ఏమవుతాయి? వియ్ విల్ మిస్ యూ. వియ్ అంటే నూ. యూ అంటే వూ. మిస్ అంటే మాంకే. వరసగా పేర్చాను.

Nous allons beaucoup vous manquer. Toute l'usine va vous manquer, et surtout notre directeur.

మేము మిమ్మల్ని చాలా మిస్ అవుతాం, ఫ్యాక్టరీ అంతా మిమ్మల్ని మిస్ అవుతుంది, ముఖ్యంగా మా డైరెక్టరు, అంటే పెద్దాయన. చదువుకుంటే ఎంతో ముచ్చటగా అనిపించింది. క్రియారూపాలు సరిపోయాయి, స్పెల్లింగులు సరిపోయాయి. ఫ్రెంచి సార్‌కు చూపించాలని కూడా అనుకోలేదు. ఆరేళ్ల అనుభవం నాది.

చిత్తూరులో ఫ్లెక్సులు కొట్టే షాపాయన ఫ్రెంచి ఎప్పుడూ చేయలేదన్నాడు, కానీ తమిళం, ఉర్దూ చేశానని ధైర్యం చెప్పాడు. చుట్టూ బంతిపూల బార్డరు పెట్టాడు. మధ్యలో, Toute l'usine va vous manquer అని పెద్ద అక్షరాలు. దాని కింద చిన్న అక్షరాల్లో et surtout notre directeur. ఆ మాటల పక్కనే, నేను చెప్పకపోయినా, తన దగ్గరున్న పెద్దాయన పాత ఫోటో వేశాడు. తెల్లచొక్కాతో, రెండు చేతులూ జోడించి ఉన్న ఫోటో. ఎలక్షన్ ఫ్లెక్సులా ఉందని నేనంటే, "మనిషి ఫోటో లేకుండా ఫ్లెక్సు ఏముంటాది మేడం" అన్నాడు.

కాయలు కడిగే ఆడవాళ్లు, ల్యాబు వాళ్లు, బాయిలరు దగ్గర పనిచేసేవాళ్లు, సెక్యూరిటీ అందరూ వచ్చి ఫ్లెక్సు వెనక నిలబడ్డారు. తలకు టోపీలు, ఏప్రాన్లు అలాగే ఉన్నాయి. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. నా ఉత్తరంతో కలిపి పంపించాను.

మూడు రోజులకు జవాబొచ్చింది.

Vous avez raison. Vous allez me manquer, tous. Surtout votre directeur, que je n'ai jamais rencontré. Vous êtes bien sûrs de vous !

నేను నా పద్ధతిలోనే చదివాను. వూ అంటే మీరు, మ అంటే నన్ను. మీరు చెప్పింది నిజమే, మీరందరూ నన్ను మిస్ అవుతారు, ముఖ్యంగా నేనెప్పుడూ కలవని మీ డైరెక్టరు. చివరి వాక్యం మాత్రం కొంచెం తికమక పెట్టింది. మీకు మీ మీద బాగా నమ్మకం ఉంది అని దాని అర్థం. ఏదో మెచ్చుకోలు అనుకున్నాను.

పెద్దాయనకు వినిపించాను.

"నిజమే, మీరందరూ నన్ను మిస్ అవుతారు అంటా ఉండాది సార్."

ఆయన కొంచెం ఆలోచించాడు. "అట్లనా. మనం చెప్పినదాన్నే తిప్పి మనకు చెప్పినాదే."

"అవును సార్."

"తను కూడా ఏమన్నా అనుకుంటా ఉండాదేమో, అది రాయలా?"

"రాయలేదు సార్."

ఆయన కాయ వాసన చూస్తూ ఉండిపోయాడు. బాధపడ్డాడని నాకర్థమైంది. నాక్కూడా లోపల చిన్నగా గుచ్చుకుంది. ఆరేళ్లు రాసుకున్నాం, ఒక్క మాట మీరు గుర్తొస్తారని అనుండొచ్చు కదా అనిపించింది. పెద్దాయన ఆ సాయంత్రం కుక్క గురించి అడగలేదు.

తరువాతి ఆదివారం వేరే పని మీద తిరుపతికి బయల్దేరాను, ఫ్రెంచి సార్‌నూ చూసిపోతానని ఫోన్ చేసి చెప్పాను. పూతలపట్టు క్రాసులో బస్సు నా కళ్లముందే వెళ్లిపోయింది. ఇంకో గంటకు గానీ దొరకలేదు. సార్ ఇంటికి చేరేసరికి ఆయన భోజనం ముగించి వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆయన దగ్గర గొప్పగా ఉండాలని ఫ్రెంచిలోనే చెప్పాను.

"J'ai manqué le bus."

జే మాంకే ల బ్యూస్. బస్సు మిస్సయ్యాను.

"బాగా చెప్పినావే" అన్నాడు సార్. "కూర్చో."

ఆ మెప్పుతో ఉత్సాహం వచ్చి ఫోనులో ఫ్లెక్సు ఫోటో చూపించాను. సార్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. అద్దాలు తీసేశాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆయన కదిలిపోయాడనుకున్నాను. తరువాత భుజాలు ఊగడం చూసి అర్థమైంది, ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"ఏం సార్, తప్పుందా?"

"ఇది పంపించేసినారా?"

"పంపించినాం. జవాబు కూడా వచ్చింది."

"ఏదీ, జవాబు చూపించు ముందు."

జవాబు చదివి మళ్లీ నవ్వాడు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, ఏమైందని నన్నడిగింది.

"మీ ఫ్లెక్సు మీద ఏముందో తెలుసామ్మా?" అన్నాడు సార్ తేరుకుని. "మా ఫ్యాక్టరీ మొత్తం గుర్తొచ్చి గుర్తొచ్చి మీరే బెంగపడతారు. ముఖ్యంగా మా డైరెక్టరు కోసం బెంగపడతారు. అని ఉంది. పక్కన ఆయన దండం పెడుతున్న ఫోటో."

నాకు చెవులు వేడెక్కాయి.

"అదెట్లా సార్? మిస్ అంటే మాంకే కదా?"

"బస్సు విషయంలో అంతే. నేను బస్సును మిస్సయినాను. నేను ముందు, బస్సు తరువాత. ఇంగ్లీషులోనూ అంతే. ఇప్పుడు నువ్వు సరిగ్గా చెప్పినావు గదా. ఆ వాక్యం వచ్చు కాబట్టే ఈ తప్పు చేసినావు. మనిషి కోసం బెంగపడే చోట అది తిరగబడుతుంది. ఎవరు లేరో వాళ్లు ముందు వస్తారు. ఎవరికి బెంగో వాళ్లకు మాంకే. తూ మ మాంక్ అంటే, నువ్వు నాకు లేవు. ఇంగ్లీషులో నేను నిన్ను అంటే, ఇక్కడ నువ్వు నాకు."

"మరి ఇల్ మాంక్ కాత్ర్ ఫ్యూ?"

"అదీ ఇదీ ఒకటే. నాలుగు డ్రమ్ములు తక్కువైనాయి. డ్రమ్ములు తక్కువైతే నీకు అర్థమైంది. మనిషి తక్కువైతే అర్థం కాలేదు." ఆయన భార్య తెచ్చిన మజ్జిగ అందుకుని చెప్పాడు, "పులుసులో ఉప్పు తక్కువైతే ఏమంటావ్? పులుసు ఉప్పును మిస్ అవుతోందంటావా?"

"ఉప్పు తక్కువైంది అంటాను."

"ఉప్పు ముందొచ్చిందా లేదా? సరే, మీ సార్ నీకు తెలుగులో ఏం చెప్పినాడు? ఆయన మాటలే చెప్పు, నీవి కాదు."

నేను గుర్తు తెచ్చుకున్నాను. "మీరు మాకు పెద్ద కొరత అయిపోతారు. ఫ్యాక్టరీ మొత్తానికి కొరతే. అందర్లో నాకు ఇంకా ఎక్కువ కొరత."

సార్ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, పాత కరెంటు బిల్లు వెనక రాశాడు. పైన మీరు, మాకు, కొరత. కింద vous, nous, manquer.

"మీరు, వూ. మాకు, నూ. కొరత కావడం, మాంకే. వూ జలే నూ మాంకే. ఆయన ఫ్రెంచి మాట్లాడినాడమ్మా. నువ్వు మధ్యలో ఇంగ్లీషు దారిన పోయి తలకిందులు చేసినావు."

"ఫ్యాక్టరీ మొత్తానికి?"

"చివర 'కి' ఉంది చూడు, ఫ్యాక్టరీ మొత్తానికి. ఫ్రెంచిలో పేరు ముందు 'ఆ' అని పెడతారు. à toute l'usine. మాకు, నాకు అనే చోట ఒక్క మాటలోనే ఇమిడిపోతుంది. నూ అంటే మేము అనీ అవుతుంది, మాకు అనీ అవుతుంది, అదే నిన్ను మోసం చేసింది. తెలుగులో 'కు', 'కి' ఎవరికి తగిలిందో చూసుకో. బెంగ వాళ్లది."

అప్పుడు ఆవిడ జవాబును మళ్లీ చదివాను. Vous allez me manquer. మీరు, నాకు. మీరందరూ నాకు కొరత అవుతారు. ముఖ్యంగా నేనెప్పుడూ కలవని మీ డైరెక్టరు. మీరు చెప్పింది నిజమే. మీకు మీ మీద బాగానే నమ్మకం ఉందే అని ఎగతాళి కూడా చేసింది. నా ఉత్తరాన్నీ ఆవిడ జవాబునూ రెండింటినీ ఒకే రకంగా తలకిందులుగా చదివాను కాబట్టి, రెండూ ఒకదానికొకటి చక్కగా అతికాయి. ఎక్కడా అనుమానం రాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆవిడ మమ్మల్ని తలచుకుంటానని రాసింది. మేమేమో నాలుగు రోజులుగా ముఖాలు మాడ్చుకుని ఉన్నాం.

సోమవారం పొద్దున్నే వేపచెట్టు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దాయన అరుస్తాడేమోనని కొంచెం దూరంగానే నిలబడ్డాను. ఆయన అంతా విన్నాడు.

"అంటే ఫ్లెక్సు మీద నా ఫోటో ఏసి, నువ్వు నాకోసం ఏడుస్తావమ్మా అని రాసినామా?"

"అంతే సార్. తప్పు నాదే."

"నేను చెప్పిందేంది, నువ్వు రాసిందేంది."

"మీరు చెప్పింది సరిగ్గానే ఉండాది సార్. మీ మాటలే ఉన్నట్టుగా పెట్టుంటే ఫ్రెంచి సరిపోయేది."

ఆయన ముఖం వెలిగింది. బాయిలరు దగ్గర పనిచేసే ఆయన అటుగా పోతుంటే పిలిచి, "యోవ్, నాకు ఫ్రెంచి వచ్చునంట యా" అన్నాడు. మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ అంతా ఆ మాటే. కాయలు కడిగే ఆడవాళ్లు నన్ను చూస్తే చాలు, "ఎవురికి ఎవురు కొరత మేడం?" అని అడిగి నవ్వేవాళ్లు. వారం రోజులు పట్టింది ఆపడానికి.

"ఇంకోసారి రాద్దాం" అన్నాడు పెద్దాయన. "ఈసారి ఇంగ్లీషోళ్ల ఊరికి పోకుండా నేరుగా రా."

ఆయన చెబుతుంటే పక్కనే స్టూలు మీద కూర్చుని రాశాను. ఒక్కో మాటకు తెలుగులో 'కు' ఎక్కడుందో చూసుకుంటూ.

"మీరు మాకు చానా కొరత అయిపోతారు."

Vous allez beaucoup nous manquer.

"ఫ్యాక్టరీ మొత్తానికి కొరతే. అందర్లో నాకు ఎక్కువ."

Vous allez manquer à toute l'usine, et surtout à notre directeur.

"మెయిల్ తెరిస్తే ఎవరో ఒకరు తక్కువైనట్టే ఉంటాది."

ఇక్కడ ఒక క్షణం ఆగాను. డ్రమ్ముల వాక్యం గుర్తొచ్చింది. Quand nous ouvrirons nos messages, il manquera quelqu'un. తెరిచినప్పుడల్లా ఎవరో తక్కువవుతారు. నేను ఫ్రెంచిలో రాసిన వాక్యాలన్నిటిలో నాకు నచ్చింది అదే. దానిలో నాది ఒక్క ముక్క లేదు, మొత్తం పెద్దాయనదే.

ముందు రాసినది ఎలా తిరగబడిందో కూడా కింద వివరించాను, క్షమించమని అడిగాను. ఈసారి పంపే ముందు ఫ్రెంచి సార్‌కు ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆయన ఒక్క అక్షరం మార్చలేదు.

జవాబు మెయిల్లో రాలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు ఫోనుకు వీడియో కాల్ వచ్చింది. అక్కడ వాళ్లకు ఇంకా మధ్యాహ్నం కాలేదు. తెల్లటి పొట్టి జుట్టు, మెడలో పసుపుపచ్చ స్కార్ఫు. ఆరేళ్లలో మొదటిసారి మదామ్‌ను చూశాను. మొదట ఇద్దరం ఒకరినొకరు చూసుకుని ఊరికే నవ్వాం. నేను ఫోను పట్టుకుని వేబ్రిడ్జి దగ్గరికి పరిగెత్తాను.

మిగిలిన సెలవులు పెట్టుకుని ఇప్పటికే ఇంట్లో ఉన్నానని, మా మొదటి ఉత్తరం తన వీడ్కోలు భోజనంలో అందరికీ చదివి వినిపించానని చెప్పింది. ఇండియాలో ఒక పెద్దమనిషి నాకు ఇలా రాశాడు, నువ్వు నాకోసం తప్పకుండా బెంగపడతావని, ఫోటో కూడా పంపాడు అని చూపించిందట. అందరూ ఒకటే నవ్వట. కానీ తను జవాబు మాత్రం మనస్ఫూర్తిగానే రాశానంది. తప్పు జరిగిందని మొదటి వాక్యంలోనే తెలిసిందట. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"Parce que c'était vrai" అంది. ఎందుకంటే అది నిజం కాబట్టి.

అది పెద్దాయనకు తెలుగులో చెప్పాను. ఆయన ఫోనుకు దగ్గరగా ముఖం పెట్టి, దండం పెట్టాడు. మదామ్ కూడా పెట్టింది. ఫ్లెక్సులో ఉన్నట్టే ఉన్నారు అంది.

"ఏమంటా ఉండాది?"

"ఫోటోలో ఉన్నట్టే ఉన్నారంట సార్."

"ఆ ఫోటో పదేండ్లది. ఆయమ్మకి చూపు సరిలేదు."

దాన్ని నేను అనువదించలేదు. "మీకు ఇప్పుడు ఏం కొరతగా ఉండాదో అడుగు" అన్నాడు పెద్దాయన. ఈసారి జాగ్రత్తగా అడిగాను. Qu'est-ce qui vous manque ? ఏది మీకు కొరత?

మదామ్ కొంచెం ఆలోచించింది. ఉద్యోగం కాదు, ఆఫీసు కాదు అంది. ప్రతి ఏడూ మే నెలలో, ఈసారి వాన తొందరగా వచ్చింది, కాయ ఆలస్యమవుతుంది, ఇంకో పది రోజులు ఓపిక పట్టండి అని మీరు రాసే మెయిల్ అంది. ఒక్క ఏడు కూడా తప్పకుండా వచ్చేదట. అది రాకపోతే తనకు ఎండాకాలం మొదలైనట్టే అనిపించదట.

ఇది విని పెద్దాయన చాలాసేపు నవ్వాడు. వెనక క్యూలో ఉన్న ట్రాక్టరు డ్రైవరు హారన్ కొట్టాడు. ఉండప్పా, ఫ్రాన్సుతో మాట్లాడతా ఉండా, అని చెయ్యి ఊపాడు.

"ఆయమ్మకి చెప్పు పాపా. సరుకు కొనకపోయినా పర్వాలేదు. మే నెలలో ఆ మెయిల్ ఆయమ్మకి పంపతాం. వాన రాకపోయినా పంపతాం."

చెప్పాను. ఆవిడ తన ఇంటి మెయిల్ అడ్రసు ఒక్కో అక్షరం పలికింది, నేను చేతి మీద రాసుకున్నాను. తరువాత ఆవిడ ఫోనును కిందికి తిప్పి కుక్కను చూపించింది. సోఫా కింద పడుకుని ఉంది, ముసలిది, మూతి తెల్లబడింది. పెద్దాయన దాన్ని చూసి, అప్పుడే ఎవరో చుట్టం ఎదురైనట్టు పేరు పెట్టి పిలిచాడు. అది ఒక చెవి మాత్రం ఎత్తింది.